చాయిస్‌లో వదిలేసిన ప్రశ్న

ఆ ఫార్మసీ కాలేజీలో ఆయన అసలు పేరు జీతాల రిజిస్టర్లో తప్ప ఇంకెక్కడా కనపడదు. పిల్లలందరికీ ఆయన ఇంపార్టెంట్ సార్. పరీక్షలో ఏ ప్రశ్న వస్తుందో పసిగట్టడంలో ఆయన్ని కొట్టినవాడు లేడు. పదిహేనేళ్ల పాత పేపర్లు కంఠతా వచ్చు. పాఠం మొదలుపెడుతూనే పుస్తకంలో చుక్కలు పెట్టించేవాడు. మూడు చుక్కలంటే తప్పకుండా వస్తుంది, ఒక చుక్కంటే వచ్చినా రావచ్చు. చుక్క లేనిది చాయిస్‌లో వదిలేయడమే. ఆయన చెప్పిన బ్యాచుల్లో ఫెయిలైనవాళ్లని వేళ్లమీద లెక్కపెట్టచ్చు, ఆ గర్వం ఆయన నడకలో కూడా ఉండేది.

కొవ్వు తగ్గించే మందుల పాఠం ఆయనకి వెన్నతో పెట్టిన విద్య.

"స్టాటిన్లు ఏం చేస్తాయి? కాలేయంలో కొలెస్ట్రాల్ తయారీకి కీలకమైన ఎంజైముంది, హెచ్‌ఎంజీ కోఎ రిడక్టేజ్. దాన్ని ఆపేస్తాయి. లోపల సరుకు తగ్గింది కదా, కాలేయం ఊరుకుంటుందా? తన గోడల మీద ఎల్‌డీఎల్ రిసెప్టార్లు పెంచుకుని, రక్తంలో తిరిగే చెడ్డ కొలెస్ట్రాల్‌ని లోపలికి లాక్కుంటుంది. ఆ రెండో మాట రాయకపోతే రెండు మార్కులు గోవిందా. ఎజెటిమైబ్ పేగులో కొలెస్ట్రాల్‌ని రక్తంలోకి వెళ్లనివ్వదు. రెజిన్లు పైత్యరసంలోని ఆమ్లాల్ని పట్టుకుని మలంతో బయటికి పోతాయి. ఫైబ్రేట్లు ముఖ్యంగా ట్రైగ్లిజరైడ్లకి. వర్గీకరణకి మూడు, పనితీరుకి నాలుగు, దుష్ఫలితాలకి మూడు. మొత్తం పది!"

మొదటి బెంచీలో కూర్చునే అమ్మాయి ఒకతి చెయ్యెత్తింది. "సార్, వేరే మందులతో కలిస్తే ఏమవుతుందో పెద్ద పట్టిక ఉంది సార్. అది?"

"పదిహేనేళ్లలో ఒక్కసారి వచ్చిందమ్మా, అదీ రెండు మార్కులకి. చాయిస్‌లో వదిలెయ్."

ఆ అమ్మాయి వదిలేసింది. ఇదంతా ఆరేళ్ల కిందటి మాట.

ఇంపార్టెంట్ సార్‌కి ఒక అన్నయ్య ఉన్నాడు, దర్జీ. అరవై ఏడేళ్లు దాటినా రోజంతా మిషన్ తొక్కేవాడు. కొలతలకి వచ్చినవాళ్లకి టేపు మెడలో వేసుకునే లోపే, మా తమ్ముడు మందుల మాస్టారని చెప్పేసేవాడు. నాలుగేళ్లుగా రాత్రిపూట సిమ్వాస్టాటిన్ నలభై మిల్లీగ్రాముల బిళ్ల వేసుకుంటున్నాడు. అది తమ్ముడికి తెలుసు. ఒకసారి గొంతు నొప్పి పట్టుకుంటే వీధి చివర డాక్టరు దగ్గరికి వెళ్లాడు. పెన్సిలిన్ పడదంటే ఆయన క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ పది రోజులకి రాశాడు. వేరే మందులేమైనా వాడుతున్నారా అని డాక్టరు అడగలేదు, గొంతుకీ కొలెస్ట్రాల్‌కీ ఏం సంబంధమని అన్నయ్య చెప్పలేదు.

ఎనిమిదో రోజు పొద్దున అన్నయ్య ఫోన్ చేశాడు.

"ఒరే, తొడలు రెండూ పట్టేశాయిరా. పెడల్ తొక్కలేకపోతున్నా."

సార్ అప్పుడు ఆన్సరు పేపర్లు దిద్దుతున్నాడు. "ఈ వయసులో రోజంతా మిషన్ తొక్కితే పట్టెయ్యవా అన్నయ్యా? రెండు రోజులు పడుకో."

అప్పుడు ఆయన ముందున్న పేపరు ఏమిటో తర్వాత ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. స్టాటిన్ల పేపరే అయినా తేడా ఏమీ ఉండేది కాదు. స్టాటిన్ల వల్ల కండరాలు నొప్పి పెట్టవచ్చు అన్న వాక్యానికి ఆయన కొన్ని వేలసార్లు టిక్కు పెట్టాడు. ఆ వాక్యమే ఫోన్లో అన్నయ్య గొంతుతో వస్తే గుర్తుపట్టలేదు.

ఆ తర్వాత మూడో రోజు వదిన ఫోన్ చేసింది. "ఏమయ్యా మాస్టారూ, మీ అన్నయ్య మంచం దిగలేకపోతున్నాడు. పైగా మూత్రం కాఫీ డికాషన్‌లా వస్తోంది. రక్తమంటావా?"

ఆయన ఫోన్ పెట్టేశాడు. పరుగున వెళ్లి మంచం పక్కనున్న మందుల కవరు దులిపాడు. ఒకే కవర్లోంచి రెండు అట్టలు పడ్డాయి, ఒకటి సిమ్వాస్టాటిన్, ఇంకోటి క్లారిత్రోమైసిన్. బిల్లు ఒకటే, తేదీ ఒకటే.

ఇక ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. సిమ్వాస్టాటిన్‌ని విరగ్గొట్టి ఒంట్లోంచి పంపేసేది సిప్ 3ఎ4 అనే ఎంజైము. క్లారిత్రోమైసిన్ దాని చేతులు కట్టేస్తుంది. వేసుకున్న బిళ్ల పోవాల్సినట్టు పోదు, రక్తంలో మందు ఎన్నో రెట్లు పెరుగుతుంది. కండరాలు చితికిపోతాయి. వాటిలోంచి కారిన మయోగ్లోబిన్ అనే ప్రోటీను మూత్రాన్ని నల్లగా చేసి మూత్రపిండాల్ని దెబ్బతీస్తుంది. పది రోజులు సిమ్వాస్టాటిన్ ఆపమని ఒక్కరు చెప్పినా సరిపోయేది. వేరే యాంటీబయాటిక్ రాయమని డాక్టరుకి ఫోన్ చేసినా సరిపోయేది.

ఆసుపత్రిలో కిడ్నీ డాక్టరు రిపోర్టు చూసి తల పంకించింది. కండరాలు చితికితే రక్తంలో పెరిగే సీకే రెండు వందల లోపు ఉండాలి, అరవై వేలు దాటింది. రెండు బిళ్లలూ ఆపేసి సెలైన్లు ఎక్కించారు. ఒక రోజు చూసి డయాలసిస్‌కి తీసుకెళ్లారు.

"నొప్పి మొదలైన రోజే వచ్చుంటే మూత్రపిండాలు ఇంత దెబ్బతినేవి కావేమోనండీ," అంది. ఆవిడ మామూలుగానే అంది, ఆయనకే అది గుండెల్లో దిగింది.

కోపం చూపించడానికి ఆయనకి ఒక మనిషి కావాలి. బిల్లు పట్టుకుని మందుల షాపుకి వెళ్లాడు. కౌంటరు వెనక తెల్లకోటులో ఉన్నది ఆ మొదటి బెంచీ అమ్మాయే. సార్‌ని చూసి మొహం విప్పారింది.

ఆయన బిల్లు కౌంటరు మీద కొట్టాడు. "ఈ రెండూ ఒకే కవర్లో ఎలా వేశావమ్మా? ఏం చదివి పాసయ్యావు?"

ఆ అమ్మాయి బిల్లు రెండుసార్లు చదివింది. సంగతి విన్నాక మొహంలో నెత్తురు చుక్క లేదు. ఎదురు చెప్పాలని కాదు, ఏడుపు ఆపుకోలేక అంది.

"మీరు చెప్పిందే చదివాను సార్. ఆ పట్టిక... చాయిస్‌లో వదిలెయ్యమన్నారు కదా సార్."

ఉద్యోగంలో చేరాక చదువుకోవాల్సిన బాధ్యత నీదే అని అనచ్చు. అది నిజం కూడా. కానీ ఆయన కౌంటరు మీదున్న కవర్ల కట్ట వైపు చూశాడు. ఎన్ని బ్యాచులు, ఎన్ని కౌంటర్లు, ఎన్ని కవర్లు! బిల్లు తీసుకుని వచ్చేశాడు.

ఆసుపత్రిలో అన్నయ్య డయాలసిస్ అయిపోయి వెల్లకిలా పడుకుని ఉన్నాడు. మూత్రపిండాలు తేరుకుంటాయో లేదో ఇంకా తెలియదు. కాళ్లలో మాత్రం మునుపటి బలం రాదని డాక్టరు ముందే చెప్పేసింది.

"ఆ షాపమ్మాయిని ఏమీ అనకురా," అన్నాడు అన్నయ్య. "మా ఇంటి పక్కనే రెండు షాపులున్నాయి. అవి దాటుకుని మరీ అక్కడికి వెళ్లా. నీ శిష్యురాలు కదా, మందులు చూసి ఇస్తుందని నా ధైర్యం."

తమ్ముడు మంచం అంచున కూర్చున్నాడు. దాచుకుంటే దాగే సంగతే. వదినకి తెలియదు, డాక్టరుకి తెలియదు, ఆ అమ్మాయి చచ్చినా బయటపెట్టదు. కానీ అన్నయ్య కళ్లలో ఇంకా ఆ గర్వం మెదులుతుంటే భరించలేకపోయాడు. చుక్కల సంగతి, పట్టిక సంగతి, ఆ రోజు ఫోన్లో తను కొట్టిపారేసిన నొప్పి సంగతి, అన్నీ చెప్పేశాడు. చెబుతున్నంతసేపూ అన్నయ్య మొహం చూడలేదు.

అన్నయ్య దుప్పటి కింద ఒక కాలు ఎత్తబోయి, లేవక, మానుకున్నాడు.

"పోనీలేరా," అన్నాడు చివరికి. "ఆ అమ్మాయి పాసయింది కదా?"

"ఫస్ట్ క్లాసులో పాసయిందన్నయ్యా," అన్నాడు ఇంపార్టెంట్ సార్.