మాట లేని ఫోటో

మల్లీశ్వరి ఫోన్‌లో గొర్రెల ఫోటోలు ఉన్నన్ని సొంత పిల్లల ఫోటోలు లేవు. ఆత్మకూర్ దగ్గరి నల్లగుట్టపల్లిలో పశువుల దవాఖాన సహాయకురాలిగా చేరి ఆరేళ్లయింది. చుట్టుపక్కల గొర్లకాపరులంతా ఆమె నంబరు దాచుకున్నారు. రాయడం రానివాళ్లు కొందరు, వచ్చినా ఓపిక లేనివాళ్లు కొందరు. కుంటుతున్న కాలో, ఉబ్బిన పొట్టో ఫోటో తీసి పంపేస్తారు, కింద ఒక్క మాట ఉండదు. ఆమె చూసి వాయిస్ మెసేజ్ పెడుతుంది. పదింటిలో తొమ్మిదిసార్లు ఆమె చెప్పింది సరిపోయేది. ఆ తొమ్మిదే ఆమెను చెడగొట్టాయి.

ఆ రోజు పక్క ఊళ్లో గొర్రెలకు కడుపులో పురుగులు చచ్చే నట్టల మందు తాగించి, చేతులు కడుక్కుంటుండగా గొర్లకాపరి పర్వతాలు దగ్గర్నుంచి ఫోటో వచ్చింది. గొర్రె కాదు, కుక్క. పేరు సిపాయి. పర్వతాలు మందకు ఎనిమిదేళ్లుగా అదే కాపలా. పర్వతాలుకూ అతని భార్య గుర్వమ్మకూ పిల్లల్లేరు, ఆ కుక్కకు తినిపించందే గుర్వమ్మ ముద్ద నోట పెట్టదు. ఫోటోలో సిపాయి వేపచెట్టు కింద కూర్చుని ఉంది. నోరు తెరిచి ఉంది, చొల్లు కారుతోంది. ముందు అన్నం గిన్నె అలాగే ఉంది.

మల్లీశ్వరి ఒక్క చూపు చూసింది. తడి చేత్తోనే బొత్తం నొక్కిపట్టి, "గొంతుల బొక్క ఇరికినట్టుంది కాకా. జర నోరు తెరిచి లోపల చెయ్యి పెట్టి చూడుండ్రి. రాకుంటే రేపు దవాఖానకు పట్టుకరాండ్రి" అంది. ఫోన్ సంచిలో పడేసింది.

అరగంట తర్వాత హోటల్లో చాయ్ ముందు పెట్టుకుని మళ్లీ తీసింది. ఎందుకు తీసిందో ఆమెకే తెలియదు, మనసుకు ఏదో కుదరలేదు. ఫోటోను పెద్దది చేసింది. అన్నం గిన్నె పక్కన నీళ్ల గిన్నె ఉంది, అంచుదాకా నిండుగా. ఎముక ముక్క ఇరికిన కుక్క ముందుకాళ్లతో మూతి గీరుకుంటుంది, తల విదిలిస్తుంది. సిపాయి కాళ్లు నేలమీద ఊరికే పడి ఉన్నాయి. కింది దవడ తనది కానట్టు వేలాడుతోంది.

శిక్షణలో పశువైద్యుడు కమలాకర్ చెప్పింది చెవిలో మోగింది. మూతపడని నోరు చూసి బొక్క ఇరికిందనుకోవడమే అందరూ చేసే తప్పని, పిచ్చి కుక్కలన్నీ ఉరికి కరవవని, కొన్ని ఇట్లా దవడ పడిపోయి మూగగా కూర్చుంటాయని చెప్పాడాయన. ఆ నోట్లో చెయ్యి పెట్టొద్దని కూడా చెప్పాడు.

ఆమె ఆ చెయ్యి పెట్టమని చెప్పింది.

మెసేజ్ పక్కన రెండు గీతలూ నీలంగా ఉన్నాయి. విన్నారు. అయినా ఆమె వేలు దాన్ని నొక్కి, ఇద్దరి ఫోన్లలోనూ లేకుండా తీసేసింది. భయంతో చేసిన పని అది, దానికి వేరే పేరు పెట్టి లాభం లేదు. తర్వాత పర్వతాలుకు ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మూడుసార్లు చేసింది. చాయ్ అట్లాగే వదిలి బండి తీసింది. బయల్దేరే ముందు కమలాకర్‌కు ఫోన్ చేసి కుక్క సంగతి చెప్పింది.

"కుక్కను దవాఖానకు తేనియ్యకు. ఆటోల ఎక్కిస్తే ఇంకొకరికి అంటిస్తరు," అన్నాడు ఆయన. "కొట్టి చంపనియ్యకు కూడ. దగ్గరికి పోకుంట దొడ్డిల మూసెయ్యమను. నేను వస్తున్న. ముందుగాల మనుషుల సంగతి చూడు మల్లీశ్వరీ. ఎవరన్న నోట్ల చెయ్యి పెట్టిన్రా?"

ఆమె ఫోన్ పెట్టేసి బండి ఎక్కింది.

పది కిలోమీటర్లు. ఇంటి ముందు గుర్వమ్మ ఒక్కతే ఉంది, పర్వతాలు మందతో గుట్టకు పోయాడు, ఫోన్ లోపల గూట్లో పెట్టి. బయటున్న గుర్వమ్మకు దాని మోత వినపడలేదు. సిపాయి చెట్టు కిందే ఉంది. గుర్వమ్మ కుడి చెయ్యి కొంగులో చుట్టుకుని ఉంది.

"చిన్నమ్మా, నోట్ల చెయ్యి పెట్టినవా?"

"పెట్టిన బిడ్డ. లోపల ఏం దొరకలె. పాపం కరవనన్న కరవలె, చెయ్యి గుంజుకుంటుంటె పన్ను గీరుకుంది. పసుపు పెడ్దామని చూస్తున్న."

"పసుపు వద్దు! ఏం పెట్టకు, కట్టు గిట్ల కట్టకు!"

బోరు దగ్గరికి లాక్కుపోయింది. ఒక చేత్తో కొడుతూ, రెండో చేత్తో సబ్బు రుద్దింది. మణికట్టు మీద వేలెడు గీత, కొద్దిగా నెత్తురు. పదిహేను నిమిషాలు ధార కింద నుంచి చెయ్యి తియ్యనివ్వలేదు. తన మందుల సంచిలోని అయోడిన్ పోసింది. కడుగుతున్న మనిషి ముఖం చూసి గుర్వమ్మకు సగం అర్థమైపోయింది.

"సిపాయికి ఏమైంది బిడ్డా?"

"పిచ్చి రోగమని అనుమానం. డాక్టరు సారు వచ్చి చూస్తడు. మొన్న వానకాలం టీకాలేసిన నాడు తేలేదు కద?"

"మంద క్రిష్ణానది ఒడ్డుకు పోయింది గప్పుడు. సిపాయి లేకుంటె మంద ఎట్ల పోతది?" అని గుర్వమ్మ కుక్క వైపు చూసి ఏడ్చింది. తన చేతి కోసం కాదు.

మల్లీశ్వరి పొడుగు కర్రతో, దూరం నుంచే, సిపాయిని దొడ్డిలోకి మళ్లించి తలుపు బిగించింది. అది తూలుతూ, మాట విన్నట్టే పోయింది. పొరుగువాళ్లను కాపలా ఉంచి, గుర్వమ్మను బండి ఎక్కించుకుని ఆత్మకూర్ సర్కారు దవాఖానకు తీసుకుపోయింది.

డాక్టరమ్మ గాయం చూసి మొదటి టీకా వేసింది. నెత్తురు వచ్చింది కాబట్టి గాయంలో రోగాన్ని అక్కడికక్కడే ఆపే సీరం కూడా ఎక్కించాలని, అది ఇక్కడ దొరకదని, ఇవ్వాళే మహబూబ్‌నగర్ పెద్ద దవాఖానకు పోవాలని చీటీ రాసింది. రాస్తూ రాస్తూ తలెత్తింది.

"అసలు దాని నోట్ల చెయ్యి పెట్టమని ఎవరు చెప్పిన్రు నీకు?"

గుర్వమ్మ ఒకసారి మల్లీశ్వరిని చూసింది.

"ఎవ్వరు చెప్పలె మేడమ్. నాకే పానం ఆగలె."

మెసేజ్ లేదు. విన్నది గుర్వమ్మ, పర్వతాలు ఇద్దరే. ఆ ఇద్దరూ చచ్చినా నోరు విప్పరు.

"నేనే చెప్పిన మేడమ్," అంది మల్లీశ్వరి. "ఫోటో చూసి, ఒక్క మాట అడగకుంట చెప్పిన. తర్వాత భయపడి ఆ మెసేజ్ తీసేసిన."

డాక్టరమ్మ చీటీ ఆమె చేతిలో పెట్టింది. "తొందరగ తీస్కపో," అంది.

మహబూబ్‌నగర్ బస్సులో గుర్వమ్మ కిటికీ పక్కన కూర్చుంది. చాలా దూరం పోయాక, "ఎందుకు చెప్పినవ్ బిడ్డా? నీ నౌకరి పోతే?" అంది. మల్లీశ్వరి ఆమె గాయం లేని చెయ్యి పట్టుకుని ఏడ్చింది. ఆ ఏడుపు ఆపడానికి గుర్వమ్మకు కొత్తకోట దాటేదాకా పట్టింది.

సిపాయి మూడో రోజు పొద్దున దొడ్డిలోనే చనిపోయింది. కమలాకర్ తొడుగులు వేసుకుని తల భాగం మంచులో పెట్టి హైదరాబాద్ ల్యాబ్‌కు పంపాడు. పిచ్చి రోగమేనని తేలింది. రోజూ దానికి తినిపించి, చొల్లు తుడిచిన పర్వతాలుకు కూడా అప్పటికే టీకాలు మొదలుపెట్టారు. నౌకరి పోలేదు కానీ పైనుంచి సంజాయిషీ అడుగుతూ కాగితం వచ్చింది. మల్లీశ్వరి జరిగింది జరిగినట్టు రాసి ఇచ్చింది.

ఇప్పుడూ ఫోటోలు వస్తూనే ఉన్నాయి. ఆమె మాత్రం ముందు ఫోన్ చేస్తుంది. నీళ్లు తాగుతోందా, ఎన్నాళ్లయింది, ఎవరినన్న కరిచిందా, మీరెవరన్న ముట్టుకున్నరా అని అడుగుతుంది. విసుక్కునేవాళ్లు విసుక్కుంటారు.

ఇరవై ఎనిమిదో రోజు మధ్యాహ్నం పర్వతాలు నంబరు నుంచి ఒక ఫోటో వచ్చింది. గుర్వమ్మ చెయ్యి. భుజం దగ్గర దూది, మణికట్టు మీద మానిన గీత. కింద ఒక్క మాట లేదు. మల్లీశ్వరి వెంటనే ఫోన్ చేసింది.

"చిన్నమ్మా, ఏమైంది? చెప్పు, ఏమైంది?"

"ఏం కాలె బిడ్డ," అంది గుర్వమ్మ. "ఆఖరి సూది అయిపోయింది. నువ్వు ఫికర్ చేస్తుంటవని పంపిన."