భోషాణం మూత

బందరులో శవపేటికలు చేసే మత్తయి చెక్క చెక్కుతున్న బాడిస పక్కన పెట్టి లేచాడు. ఎదురుగా బడిపంతులు దేవసహాయం. ఆయన తల్లి ఆ తెల్లవారుజామునే కన్నుమూసింది.

“టేకుపెట్టెకు రెండు రూపాయలు తగ్గించండి, మత్తయిగారూ. మా అమ్మ మీకూ అక్షరాలు దిద్దించింది.”

“తగ్గించలేనండి మాస్టారూ. నిన్న ఒక పాలేరు భార్య పూర్తి ధర ఇచ్చి వెళ్లింది. రేపు ఆవిడ ముఖం ఎలా చూడను? మామిడిచెక్కయితే సగానికే వస్తుంది. ఇంట్లో పాత టేకు ఏదైనా ఉంటే తెండి, కూలి ఒక్కటే తీసుకుంటాను.”

మధ్యాహ్నానికి మాస్టారి తల్లి టేకు భోషాణం బండిమీద వచ్చింది. మూత లోపలివైపు పిల్లల పేర్లు, పుట్టిన తేదీలు ఆమె చేతిరాతలోనే ఉన్నాయి.

చిత్రిక పట్టబోయిన మత్తయి చెయ్యి ఆగిపోయింది. ఆ చెక్కను అలాగే ఉంచి, రాత ఆమె ముఖం మీదికి వచ్చేటట్టు పేటికకు మూతగా అమర్చాడు.