ముందే వెళ్లిపోయిన చివరి పేజీ

చెల్లెలు సంచిలో ఇంకో చీర పెట్టింది. అక్క దాన్ని తీసి మంచం మీద వేసింది.

"ఆస్పత్రిలో వాళ్లిచ్చే గౌను తప్ప ఇంకేదీ కట్టనివ్వరే."

"మరి తిరిగొచ్చేటప్పుడు? గౌనుతోనే రైలెక్కుతావా? ఎక్కు. టీసీ భయపడి టికెట్టు కూడా అడగడు."

చెల్లెలిది బట్టల ఇస్త్రీ దుకాణం. ఆమె మడత పెట్టిన చీర సంచిని తలకిందులు చేసినా నలగదు. తువ్వాలు, మందుల డబ్బా, ఫోను ఛార్జరు, గుండె పరీక్షల రిపోర్టుల కవరు ఒక్కొక్కటే సర్దింది. అక్క గుండెలో ఒక కవాటం పాడైంది. పెద్ద ఊళ్లో దాన్ని మారుస్తారు. రైలు సాయంత్రం.

"ఈ ఒక్కపూట మానేస్తే మీ ఆఫీసు కూలిపోతుందా అక్కా?"

"ఇవాళ లింకు తెరుస్తున్నారే. పుస్తకం ఆర్డరు పెట్టుకునే లింకు."

"అబ్బో, వంతెన తెరుస్తున్నట్టు చెప్తున్నావు. సరే, తెరిచి రా. సంచి నేను స్టేషనుకు తెస్తాలే."

ప్రచురణ సంస్థ కళ్లజోళ్ల దుకాణం పైన రెండు గదుల్లో ఉంది. మెట్ల మలుపులో అక్క ఆగి, గోడకు చెయ్యి ఆనించి, ఊపిరి కూడదీసుకుని మళ్లీ ఎక్కింది. చిన్న మనిషి. వేళ్లు మాత్రం పొడుగు. జీవితమంతా ఇతరులు రాసినవి కంపోజు చేసింది. అచ్చయిన పుస్తకాల్లో వెనక ఎక్కడో చిన్న అక్షరాల్లో ఆమె పేరుండేది, ఒక్కోసారి అదీ ఉండేది కాదు. ఎవరైనా తను కూర్చిన పేజీ చదువుతుండగా ఆమె ఏనాడూ చూడలేదు. బస్సులో ఎవరి ఒళ్లోనైనా పుస్తకం కనబడితే మెడ చాచి చూసేది. ఎప్పుడూ వేరేవాళ్లు కూర్చిందే.

ఈ నవల రాసింది టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసి రిటైరైన ఒకావిడ. ఇదే మొదటి పుస్తకం. నది రేవులో పడవ టిక్కెట్లు అమ్మే ఆడమనిషి కథ. రాతప్రతి కొడుతూ కొడుతూ అక్క చాలాచోట్ల వేళ్లు ఆపేసి కూర్చుంది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

పుస్తకం రాకముందే దాన్ని జనానికి పరిచయం చేసే పని కూడా కొన్నాళ్లుగా ఆమెదే. ముందు సంస్థ సోషల్ మీడియా పేజీలో ముఖచిత్రం పెట్టారు. ఆ తర్వాత వారానికో పేరా, చదరపు కార్డు మీద, అంచుకు ముఖచిత్రంలోని నీలం. పుస్తకం పేజీలు పాత ఫాంటులో ఉంటాయి. ఫోన్లో కనబడాలంటే యూనికోడులోకి మార్చాలి. మార్చగానే వత్తులు చెదిరిపోతాయి, వాటిని చిక్కుడుకాయల ఈనెలు తీసినట్టు ఒక్కొక్కటే సరిచేసేది. పేరా ఎక్కడ తెంపాలో ఆమెకు తెలుసు. చదివేవాళ్లు ముందుకు వంగే చోట. ప్రతి కార్డు కిందా ఒకటే ప్రశ్న: ఆఖరి పడవలో ఎవరున్నారు? పాఠకులు రకరకాలుగా ఊహించారు. పడవవాడి కొడుకన్నారు, అప్పులవాడన్నారు, ఆమే అన్నారు.

పోస్టులోనే లింకు పెడితే అది తక్కువమందికి చేరుతుందని ఎడిటరు నమ్మకం. అందుకని లింకు మొదటి కామెంటులో పెడతారు. పేరు, చిరునామా, పిన్‌కోడు, ఫోను నంబరు నింపితే చాలు. ముందుగా తీసుకున్నవాళ్లకు రచయిత్రి సంతకంతో పుస్తకం వెళ్తుంది. ఇవాళ సాయంత్రంలోగా వచ్చిన ఆర్డర్లు చూసి ఎన్ని కాపీలు వెయ్యాలో ప్రెస్సుకు చెప్పాలి. ఆర్డర్లు రాకపోతే నాలుగు కాపీలు వేసి చేతులు దులుపుకుంటారు. మొదటి పుస్తకం అలా అణిగిపోతే ఆవిడ రెండోది రాయదని అక్కకు దిగులు.

తను ఊళ్లో ఉండదు కాబట్టి నిన్ననే కార్డులన్నిటికీ తేదీలు పెట్టి, వాటంతటవే వెళ్లేలా అమర్చింది.

ఎడిటరు, ముప్ఫయ్యేళ్ల అమ్మాయి, ఫోను చూస్తూ కుర్చీలోంచి లేచింది.

"అక్కా, ఇదేంటి వెళ్లింది?"

అక్క కళ్లజోడు సర్దుకుని చూసింది. లింకు తెరిచామని చెప్పే కార్డు కాదది. పుస్తకం అందరికీ చేరిన తర్వాత పెట్టాల్సిన కార్డు. చివరి పేజీ.

*పడవ మునిగిందని రేవులో అందరికీ చెప్పింది ఆమే. అందులో తన భర్త ఉన్నాడని మాత్రం ఎవరికీ చెప్పలేదు. మర్నాడు పొద్దున్నే వచ్చి కిటికీ తెరిచింది. అవతలి ఒడ్డుకు వెళ్లాల్సినవాళ్లు నిలబడి ఉన్నారు. టిక్కెట్లు ఇచ్చింది.*

"రెండింటి తేదీలూ తారుమారు చేశాను," అంది అక్క. "తీసెయ్యమ్మా."

"ఏం తీస్తాం? అప్పుడే గ్రూపుల్లో తిరుగుతోంది. ఇన్ని వారాలు ఊరించి ఊరించి, విస్తరి వేసే వేళకు మనమే కుండ పగలగొట్టుకున్నాం."

అక్క రచయిత్రికి తనే ఫోను చేసింది. జరిగింది చెప్పింది.

"నేనూ చూశానండీ," అంది ఆవిడ. "ఆ పేరా రాయడానికి నాకు మూడేళ్లు పట్టింది. ఎవరైనా చదువుతారా అనుకునేదాన్ని. కింద ఏం రాస్తున్నారో చూశారా మీరు?"

చూడలేదు. అక్క తెర దగ్గరికి వంగింది.

*సస్పెన్సు పోయింది, డబ్బులు మిగిలాయి* అని ఒకాయన రాశాడు. *నీకెప్పుడూ మిగిలేది అవే* అని కింద ఎవరో అంటించారు. ఆ తర్వాత ఒక అమ్మాయి: *మా నాన్న పోయిన మర్నాడే మా అమ్మ కొట్టు తెరిచింది. ఊరంతా ఆడిపోసుకుంది, నేను కూడా. పుస్తకం ఎక్కడ దొరుకుతుంది?* ఇంకొకరు: *చివరేంటో తెలిసింది. ఇప్పుడు మొదటి పేజీ కావాలి.* ఎక్కడ దొరుకుతుంది, ఎక్కడ దొరుకుతుంది అని వరసగా అడుగుతున్నారు. ఈ కార్డుకు లింకు లేదు మరి. తర్వాతెప్పుడో పెట్టాల్సింది కదా.

అక్క లింకు అతికించి, కామెంట్లన్నిటికీ పైన నిలిచేలా పెట్టింది.

కాసేపు ఏమీ లేదు. తర్వాత కంప్యూటరు టింగుమంది. ఒక పేరు, దాని కింద ఒక ఊరు. మళ్లీ టింగుమంది. ఎప్పుడూ వినని ఊళ్లు, ఏ వీధిలోనో మూడో అంతస్తులు, గుడి వెనక ఇళ్లు, బడి ఎదురు ఇళ్లు. అంతమంది తలుపుల వెనక అంతమంది ఆ పేరా ముందు ఒక్క క్షణం ఊపిరి బిగబట్టారు. తను సరిచేసిన వత్తుల మీదుగానే వాళ్ల కళ్లు నడిచాయి. అర్ధరాత్రి డాబా ఎక్కి తలెత్తిన చిన్నపిల్లలా అక్క నోరు కొంచెం తెరుచుకుని చూస్తూ ఉండిపోయింది.

"అక్కా, అన్నం తినవా?" అంది ఎడిటరు.

"వీళ్లంతా ఎక్కడున్నారే ఇన్నాళ్లూ?" అంది అక్క.

సాయంత్రం ఎడిటరు ప్రెస్సుకు ఫోను చేసి, అనుకున్నదానికి రెట్టింపు వెయ్యమంది. ఆ మాట విన్నాకే అక్క లేచింది.

స్టేషనులో చెల్లెలు సంచి చేతికిచ్చింది. "వంతెన తెరిచారా?"

"జనం నడుస్తున్నారే దాని మీద," అంది అక్క. రైలు కదిలేదాకా కిటికీ ఊచలు పట్టుకుని అదే చెబుతూ ఉంది.

పుస్తకాల కట్టలు ప్రెస్సు నుంచి వచ్చిన రోజున వాటిని పెట్టడానికి చోటు లేక ఎడిటరు అక్క కుర్చీని గోడ వైపు జరిపింది. ఏసీ చలికి తొడుక్కునే బూడిదరంగు స్వెటరు, మోచేతుల దగ్గర నూలు పలచబడినది, ఆ కుర్చీ వీపుకు అలాగే వేలాడుతోంది. రైలెక్కిన వారంలోనే, గురువారం పొద్దున ఆపరేషను గదిలోకి వెళ్లిన అక్క తిరిగి రాలేదు.