అండాలు ఇంటికి వచ్చిన చుట్టం

పోచంపల్లిలో బస్సు దిగినవాళ్లు చీరలు కొనుక్కొని సాయంత్రానికే వెళ్లిపోవడం అండాలు ఏళ్లుగా చూస్తూనే ఉంది. అందుకే, ఖాళీగా ఉన్న ముందుగదిని యాత్రికులకు కిరాయికి ఇద్దామని కోడలు నవనీత అన్నప్పుడు ఆమెకు నమ్మకం కుదరలేదు.

“మన ఇంట్ల ఏమున్నదని ఉంటరే?”

“జర చూద్దాం అత్తమ్మా.”

నవనీత కొత్తగా ఏమీ కట్టించలేదు. గదికి సున్నం వేయించి, బాత్రూం బాగుచేయించి, ఉతికిన దుప్పట్లు పరిచి, ఫోటోలు నెట్‌లో పెట్టింది.

మొదట విశాఖపట్నం నుంచి సుహాసిని అనే టీచర్ వచ్చింది. నవనీత ఆమె ఆధార్ కాపీ తీసుకొని గది చూపించింది. ఇంట్లో చీరలు నేసే మగ్గం చప్పుడుకు ఆమె ఇబ్బంది పడుతుందని అండాలు ఆ పూట నేతే ఆపేసింది.

పొద్దున చాయ్ తాగుతూ సుహాసిని మొహమాటంగా అడిగింది. “మీ మగ్గం నడవదాండీ? నేను దానికోసమే వచ్చాను.”

“గిదేం చూస్తవు బిడ్డా!” అంటూనే అండాలు ఆమెను, మగ్గానికి ఎక్కించబోయే నూలును పువ్వు బొమ్మకు గుర్తులు గీసి బిగించిన చట్రం ముందు కూర్చోబెట్టింది. “గీ గుర్తుల కాడ రబ్బరు చుట్టి గట్టిగ ముడెయ్యి. ముడేసిన కాడ రంగు అంటదు.”

“అస్సలు అంటదా?”

“అంటదు! తెల్లగనే ఉంటది.”

సుహాసిని మధ్యాహ్నందాకా ముడులు వేస్తూనే ఉంది. అండాలు ఆ నూలును ఎర్రరంగులో ముంచి ఆరేసింది. విప్పితే ఏమొస్తుందో చూడకుండా వెళ్లబుద్ధికాక సుహాసిని ఇంకో రోజు ఆగిపోయింది.

మర్నాడు విప్పితే, పువ్వు అనుకున్నది వంకరపోయి చేపలా కనిపించింది. ముగ్గురూ పడీపడీ నవ్వారు.

ఆమె వెళ్లాక నవనీత ఫోటోల కింద ఇంకో మాట చేర్చింది: “మీ చేత్తో నూలుకు ముడులు వేసి, రంగు తేలాక చూసి పోండి.”

అండాలు ఫోన్‌లోకి తొంగిచూసింది. “మళ్ల ఎవరన్న వస్తమన్నరా? వాళ్లకేం బొమ్మ పడుతదో!”