పోయినేటి జీతం

కృపాదానం ఏప్రిల్లో పోయాడు. మదనపల్లె దగ్గర మిషన్ ఆసుపత్రిలో గాయాలకు కట్లు కట్టే పని అతనిది. కూతురు ఇందిరకు ఇంటర్మీడియట్ చదవాలని ఆశ. తండ్రి పోయాక దానికి స్కాలర్షిప్ ఒక్కటే దారి. అందుకు రెండు సర్టిఫికెట్లు కావాలి.

కులం సర్టిఫికెట్ తేలిగ్గానే వచ్చింది. ఒకసారి తీసుకుంటే మళ్ళీ అడగరు. ఆదాయానిది అట్లా కాదు, ఏటేటా కొత్తది తేవాలి. తల్లి అన్నమ్మ అర్జీ పెట్టింది. మునసబు విచారించాడు, రెవెన్యూ ఇన్‌స్పెక్టరు వచ్చి కుప్పంలో పుట్టింటి భూమి ఏమైనా ఉందా అని కూడా అడిగిపోయాడు. లేదు. ఇంక వచ్చినట్టే అనుకున్నారు తల్లీకూతుళ్ళు.

తాలూకా కచేరిలో గుమాస్తా నారాయణస్వామి కాగితం చూసి తల గోక్కున్నాడు. మంచివాడే పాపం. మంచితనం ఎక్కడ ఏం పనికొచ్చింది!

"సర్టిఫికెట్ ఇస్తామమ్మా. కానీ ఆదాయం స్కాలర్షిప్ హద్దుకు మించిపోయుండాది."

"ఏం మించిందయ్యా? సంపాదించే మనిషే లేడే!"

"ఈ ఏడు లేడు. మేము రాసేది మార్చితో ముగిసిన ఏడాది ఆదాయం. ఆ ఏడంతా ఆయన జీతం తీసుకున్యాడు కదా."

"సచ్చిపోయినోడి జీతం ఇప్పుడు మాకు యాడుండాదయ్యా?"

నారాయణస్వామి రూలు పుస్తకం మళ్ళీ తిరగేశాడు. తర్వాత, "వచ్చే ఏడు రామ్మా. అప్పుడు తప్పకుండా వస్తాది" అన్నాడు. తాసీల్దారు దగ్గరికీ తీసుకుపోయాడు. ఆయనా అదే మాట చెప్పాడు.

వచ్చే ఏడు దాకా ఏం తినాలో ఏ రూలూ చెప్పదు. ఆసుపత్రివాళ్ళు జాలిపడి ఇందిరకు వార్డులో ఆయా పని ఇచ్చారు. పుస్తకాలు పుంగనూరులో ఉన్న మేనమామ కూతురికి పోయాయి.

మరుసటేడు మే నెలలో అన్నమ్మ ఎవరికీ చెప్పకుండా కచేరికి పోయింది. ఈసారి రాసింది ఇందిర ఆయా జీతమే. అది హద్దుకు ఎంతో కింద ఉంది. తాసీల్దారు సంతకం పెట్టాడు. అన్నమ్మ సంబరంగా ఆసుపత్రికి పరుగెత్తింది. ఇందిర మోకాళ్ళమీద కూర్చుని వార్డు కడుగుతోంది.

"వచ్చినాది తల్లీ! కాలేజీకి పో!"

ఇందిర చేతులు తుడుచుకుని మొత్తం చదివింది.

"స్కాలర్షిప్ ఫీజుకి వస్తాదమ్మా. నేను పని మానితే మనం తినేదేంది?"

అన్నమ్మ నెమ్మదిగా అంది, "వచ్చే మార్చి దాకా చెల్లుతాదంట."

ఇందిర కాగితాన్ని తల్లి చేతికి తిరిగిచ్చింది. "అయితే అందాకా దాచిపెట్టమ్మా" అంది, మళ్ళీ నేల కడగడానికి వంగింది.