నురగ డబ్బా

మణికట్టు విరిగినందుకు లలితాంబ పెద్దగా ఏడవలేదు. కుడిచెయ్యి కదా, ఇక తలకు రంగెలా అని మాత్రం పిండికట్టు వేస్తున్నంతసేపూ లోలోపల కుమిలిపోయింది.

ఆమె నందిగామలో ఒక ప్రాథమిక పాఠశాల ప్రధానోపాధ్యాయురాలు. వచ్చే ఆదివారం పదవీ విరమణ సభ. అరవై రెండేళ్ళ మనిషికి నడుం దాకా నల్లటి జడేమిటని తోటి టీచర్లు ఈర్ష్యపడితే, "మా అమ్మమ్మ పోలికండి" అంటూ పన్నెండేళ్ళుగా నెట్టుకొచ్చింది. నెలకోసారి స్నానాలగదిలో గడియ వేసుకుని, పొడి కలుపుకుని, తనే పులుముకునేది. పార్లరుకు పోతే పొద్దుగూకేలోగా ఊరంతా తెలుస్తుందని ఆమె భయం. భర్త అనంతరామయ్యకు కూడా చెప్పలేదు. రిజిస్ట్రారు ఆఫీసులో ముప్పై ఏళ్ళు పనిచేసిన మనిషి. నోరు జారడని తెలుసు. అయినా సిగ్గు సిగ్గే.

కట్టు వేసి ఐదు వారాలు దాటింది. పాపిట పొడుగునా అరంగుళం తెలుపు బయటపడింది. పడిశమని చెప్పి స్కార్ఫు కట్టుకుని బడికి వెళ్తోంది. సభలో సన్మానం చేసేటప్పుడు కూడా స్కార్ఫు ఉంచుకోవడం కుదరదు కదా. బుధవారం పొద్దున కాఫీ తాగుతూ, చెప్పక తప్పదని నిశ్చయించుకుంది.

"ఏవండీ, నాకు తెల్లజుట్టు ఉంది."

అనంతరామయ్య పేపరు మడిచాడు. "అలాగా," అన్నాడు. ఆ ఒక్కమాటతో సరిపెట్టినందుకు ఆమెకు ప్రాణం లేచొచ్చింది.

"మీరే రంగు వెయ్యాలి. నందిగామలో కొంటే అందరికీ తెలిసిపోతుంది. జగ్గయ్యపేట వెళ్దాం."

జగ్గయ్యపేట బస్టాండు దగ్గర ఉషశ్రీ నడిపే ఫ్యాన్సీ షాపులో ఆ వేళ రద్దీ లేదు. లలితాంబ స్కార్ఫు ఇంకాస్త ముందుకు లాక్కుంది. "మా చెల్లెలికమ్మా. పొడి రంగు ఇవ్వు. నల్లది."

ఉషశ్రీ తలుపు చాటున్న అద్దాల బీరువా తీస్తూ అడిగింది. "ఎవరు వేస్తారండి ఆవిడకి?"

"వాళ్ళాయన."

"ఇంతకుముందు వేశారా ఆయన?"

"పిల్లల పుస్తకాలకి అట్టలు తప్ప ఏమీ వెయ్యలేదు," అన్నాడు అనంతరామయ్య. ఆ 'వాళ్ళాయన' ఎవరో ఉషశ్రీకి అప్పుడే అర్థమైపోయింది. కానీ పైకి తేలనివ్వలేదు, పాపం.

నాలుగు రకాలు గాజుబల్ల మీద పెట్టింది. "పొడి చవకండి, నీళ్ళతో కలిపేసుకోవచ్చు. అయితే నీళ్ళు ఎక్కువైతే మెడమీద కారుద్ది, తక్కువైతే ఉండలు కట్టుద్ది. కొలత చేతికి అలవాటవ్వాలి. ఇది క్రీము. రెండు ట్యూబులు కలపాలి. చిక్కగా ఉండి ఎక్కడ పెడితే అక్కడే ఉంటది, తెల్లవెంట్రుకల్ని బాగా కప్పుద్ది. కాని పాయలు తీసి బ్రష్షుతో వెయ్యాలి. కొత్తవాళ్ళు వేస్తే వెనకాల చారలు పడతాయి. జెల్లు క్రీము కన్నా పల్చన, తొందరగా పాకుద్ది, మెరుపుంటది, కాస్త ఆదమరిస్తే జారిపోద్ది. ఇదేమో నురగ. రెండూ కలిపి సీసా నొక్కితే నురగొస్తది. షాంపూలాగా వేళ్ళతో కుదుళ్ళలోకి రుద్దేయడమే, బ్రష్షుతో పనిలేదు. మొదటిసారి వేసేవాళ్ళకి ఇదే తేలిక. జుట్టు పొడుగైతే రెండు పెట్టెలు కావాలి. మొండి తెలుపుంటే మాత్రం క్రీమంత గట్టిగా పట్టకపోవచ్చు. ఏది కొన్నా మోచేతి మడతలో కాస్త రాసి రెండు రోజులు చూడండి. దురదొస్తే వద్దు."

"నురగతో రంగేంటి తల్లీ, గిన్నెలు తోమినట్టు," అంది లలితాంబ. "పొడే చాలు."

అనంతరామయ్య మాత్రం పొడీ, రెండు నురగ పెట్టెలూ కూడా కట్టించుకున్నాడు. ఉషశ్రీ గ్లవ్సు, నుదుటికి రాయడానికి వాజలైనూ ఇచ్చింది.

ఆ సాయంత్రమే ఆమె మోచేతి మడతలో పొడి ఒకచోట, నురగ ఒకచోట రాశాడు. శుక్రవారం సాయంత్రానికి దద్దురూ లేదు, దురదా లేదు. ఇక ఆయనకు కంగారు పట్టుకుంది. శనివారం పొద్దున్నే పని. రేపు తప్పు జరిగితే ఆదివారం మొహం ఎక్కడ పెట్టుకోవాలి?

ముందు చెయ్యి అలవాటు చేసుకుందామని వంటింట్లోంచి పీచుతో ఉన్న కొబ్బరికాయ తెచ్చి పెరట్లో పీట మీద కూర్చోబెట్టాడు. లలితాంబ తలుపు దగ్గర నిలబడి చూస్తోంది. పొడి ప్లాస్టిక్ గిన్నెలో పోసి, "ఎంత నీళ్ళు?" అన్నాడు.

"పెరుగంత చిక్కగా."

ఆయన కలిపింది పెరుగో, మజ్జిగో ఆయనకే తెలియలేదు. బ్రష్షుతో అద్దాడు. సగం కారి కింద పడింది, సగం ఉండలుగా పీచుకు అంటుకుంది. మధ్యలో ఒక పట్టీ అసలు తడవనే లేదు. కొబ్బరికాయ ఏడ్చినట్టుంది.

"నా తల ఇలాగే ఉంటుందా రేపు?" అంది లలితాంబ. ఏడుపు వస్తోందో, నవ్వు వస్తోందో తేల్చుకోలేకపోయింది.

ఆయన ఇంకో కొబ్బరికాయ తెచ్చి, కొన్న పెట్టెలు వృథా కాకుండా మామూలు షాంపూ నురగ చేసి పట్టించాడు. వేళ్ళతో నాలుగుసార్లు అటూ ఇటూ తిప్పేసరికి నురగ పీచు అడుగుదాకా దిగింది. ఎక్కడా కారలేదు. చెయ్యి అడ్డదిడ్డంగా తిరిగినా అంతటా సమంగా పరుచుకుంది.

"మీరు గొప్పవారు కాదు, నురగ గొప్పది," అంది లలితాంబ. కానీ ఒప్పుకుంది.

శనివారం ఉదయం నూనె తగలని పొడి జుట్టు విరబోసుకుని స్నానాలగది గుమ్మంలో స్టూలు మీద కూర్చుంది. భుజాల మీద పాత తువ్వాలు. నుదుటికీ చెవులకూ వాజలైను రాసి గ్లవ్సు తొడుక్కున్నాడు. స్కార్ఫు లేని పాపిట ఆయన కళ్ళముందు ఉందని తలచుకునేసరికి ఆమె ఒళ్ళు ముడుచుకుపోయింది.

"చూడకండి," అంది.

"చూడకుండా ఎలా వెయ్యను?"

ముందు కుదుళ్ళకే పట్టించాడు. కణతల దగ్గర తెలుపు మొండిదని అక్కడ ఇంకాస్త నురగ అద్ది వేళ్ళతో నిదానంగా నొక్కాడు. చివరి ఐదు నిమిషాలకు మాత్రం మిగతా జుట్టంతటికీ నురగ పట్టించాడు. పెట్టె మీద రాసిన నిమిషాలు గోడగడియారంలో చూసుకుని, గోరువెచ్చని నీళ్ళతో నీళ్ళు తేటపడే దాకా కడిగాడు. మిగిలిన నురగ మూత పెట్టి దాచకుండా పారబోశాడు. ఆ వేళ్ళు తలలో తిరుగుతుంటే హాయిగా ఉందని ఆమె పైకి అనలేదు గానీ, కళ్ళు మూతలు పడ్డాయి.

ఆరాక అద్దంలో చూసుకుంది. ఎక్కడా చారలేదు. కణతల దగ్గర ఒకటి రెండు వెంట్రుకలు కాస్త గోధుమరంగులో ఉన్నాయి. ఫోటోలో కనబడవు. రేపు సభలో తలెత్తుకుని కూర్చోవచ్చని గుండె తేలికైంది.

అప్పుడు చూసింది. స్నానాలగది గచ్చు మీద అరచేతంత నల్లమరక.

"అయ్యో, గచ్చు పాడైందండి."

ఆయన అప్పటికే వంటసోడా డబ్బా, పాత బ్రష్షు పట్టుకుని వంగి కూర్చున్నాడు. సోడా తడిపి మరక మీద పూసి, కాసేపాగి, చిన్నగా గుండ్రంగా రుద్దసాగాడు. మరక విడుతోంది. రంగు వెయ్యడానికి తడబడిన చెయ్యి ఇక్కడ ఇంత నేర్పుగా ఎలా తిరుగుతోందని ఆమెకు వింతగా తోచింది.

"సోడాతో పోతుందని మీకెవరు చెప్పారు?"

"మొదట్లో నిమ్మకాయతో రుద్దేవాణ్ణి. సరిగ్గా పోయేది కాదు," అన్నాడు తలెత్తకుండా. "సోడా పట్టి పదేళ్ళైంది."

లలితాంబ లెక్కేసుకుంది. నెలనెలా ఆమె గడియ తీసి బయటికొచ్చాక, బడికి వెళ్ళాక, ఆయన ఇక్కడ ఇలా వంగి కూర్చున్నాడన్నమాట. గచ్చు ఎప్పుడూ శుభ్రంగా ఉండేసరికి, మరక పడడం లేదనుకుంది వెర్రితల్లి.

"మరి నాతో ఎందుకనలేదు?"

"నువ్వు చెప్పలేదుగా," అన్నాడు అనంతరామయ్య, కొంచెం సోడా చల్లుతూ.

ఆమె పక్కన కూలబడింది. ఎడంచేత్తో మగ్గు ముంచి, ఆయన రుద్దుతున్నచోట నీళ్ళు పోసింది.