పుప్పాలగూడ వరుసలో అంకె

కరువు చూడ్డానికి ఢిల్లీ నుంచి వస్తున్న ఆఫీసరుకు తెలుగు అంకెలు రావన్న సంగతి ఆ రోజు పొద్దున దాకా ఎవరికీ తోచలేదు. లింగంపల్లి దగ్గరి పంచాయతీ సమితి ఆఫీసులో నివేదిక తెలుగులో ఉంటే చాలదు, అంకెలు కూడా తెలుగువే ఉండాలని హెడ్ క్లర్కు సోమేశ్వరరావు పట్టు. ఆ పట్టు ఇప్పుడు ఆయన మెడకే చుట్టుకుంది. దాన్ని విప్పే పని మాత్రం తాత్కాలిక గుమాస్తా నాగేశ్వరి నెత్తిన పడింది. ఆఫీసుల్లో ఎప్పుడూ అంతే కదా.

"ఊళ్ల పేర్లు ఇంగ్లీషులో నేను రాసేశాను. అంకెలన్నీ నువ్వు మార్చి ఎక్కించు. క్రమసంఖ్యలు, తేదీలు, బావులు, ట్యాంకర్లు, మొత్తాలు, అన్నీ. సగం ఇవీ సగం అవీ కలిశాయంటే నా పరువు పోతుంది. నీ ఉద్యోగం పొడిగింపు కాగితం నా బల్ల మీదే ఉంది, గుర్తుంచుకో," అన్నాడాయన.

అది గుర్తు చేయాలా? తెనాలి నుంచి వచ్చిన నాటి నుంచీ నాగేశ్వరి ఆ కాగితం కోసమే ఊపిరి బిగబట్టి ఉంది.

కాగితం కింద కార్బన్ పెట్టి, పాత నివేదిక పక్కన పరుచుకుని మొదలుపెట్టింది. అడ్డంగా ఊరి వెంట ఊరు పోతే కళ్లు తప్పుతాయని ఒక్కో నిలువు వరుసనూ పైనుంచి కిందికి దించింది. తేదీల దగ్గర మరీ భయం. ౧౪-౫-౭౩ అంటే 14-5-73. రోజు మార్చి సంవత్సరం వదిలేస్తే అది ఏ లోకపు తేదీ? పైగా ౨, ౩ ఇంచుమించు 2, 3 లాగే ఉంటాయి, మార్చామో లేదో చూపుకు ఆనదు. వాటిని రెండేసిసార్లు చూసింది.

చివరి నిలువు వరుస ట్యాంకర్లది. సగంలో ఉండగా బయట జీపు ఆగింది. సోమేశ్వరరావు పరుగున వచ్చి, "అయిందా? అయిందా?" అంటూ నెత్తిన నిలబడ్డాడు. మిగతా అంకెలు వేసి, మొత్తం 41 అని రాసి ఇచ్చేసింది.

ఆయన వెళ్లాక కార్బన్ ప్రతి చూసుకుంది. పుప్పాలగూడ వరుసలో, ట్యాంకర్ల గడిలో, ౫ అలాగే ఉంది. కళ్లు చూసినదాన్ని చెయ్యి ఉన్నదున్నట్టు దించేసింది.

అటెండరు బాలనర్సయ్య చాయ్ కప్పులతో గుమ్మంలో ఆగాడు. "ఏందమ్మా, గిట్ల పరేషాన్ అయితున్నరు?"

ఆయనది పుప్పాలగూడే. ఊరి బావులన్నీ ఎండిపోయాయి. ఆయన భార్య బుచ్చమ్మ రెండు బిందెల నీళ్ల కోసం పొలాల మీద పడి తిరుగుతోంది. ఆఫీసరు ఏ ఊరికెన్ని ట్యాంకర్లో ఇక్కడే సంతకం చేసి వెళ్తాడు. చదవలేని గుర్తుకు ట్యాంకరు ఎవరిస్తారు?

నోరు మూసుకుంటే తన తప్పు ఎవరికీ తెలియదు. ఈ ఆలోచన వచ్చినందుకు నాగేశ్వరికి తన మీద తనకే అసహ్యం వేసింది. లేచింది.

"మీకు హిందీ వచ్చుగా? నాతో రండి," అంది.

లోపల ఆఫీసరు అప్పటికే కూడిక వేసుకున్నాడు. ముప్పై ఆరే వచ్చింది. గుమాస్తా లెక్క తప్పిందనుకుని నలభై ఒకటి కొట్టేసి, ఎర్ర సిరాతో 36 అని వేశాడు. పుప్పాలగూడ ఎదురుగా చిన్న గీత పెట్టాడు.

"అది అయిదండి. తెలుగు అయిదు. మార్చడం మరిచిపోయాను. తప్పు నాదేనండి," అంది నాగేశ్వరి. సోమేశ్వరరావు ముఖం నల్లబడింది.

బాలనర్సయ్య హిందీలో చెప్పాడు. ఆఫీసరు కాగితాన్ని వెలుతురుకు పెట్టి చూసి, ఏదో అడిగాడు.

"గిసొంటియి ఇంకెన్ని ఉన్నయని అడుగుతున్నరమ్మా."

లేవని ఒట్టు పెట్టగలదా? పెట్టలేదు. "నాకు తెలియదండి. పాత ప్రతి పట్టుకుని మొదటి నుంచీ చదువుతాను. ఆయన కొత్తది చూసుకోమనండి."

ఆఫీసరు తలూపాడు. అయితే ముందు, కొట్టేసిన మొత్తం పక్కన తప్పు ఎవరిదైతే వాళ్లే పొట్టి సంతకం పెట్టాలన్నాడు. పొడిగింపు రావలసిన మనిషి తన తప్పు కింద తనే సంతకం పెట్టడమా? సోమేశ్వరరావు వద్దన్నట్టు కనుసైగ చేశాడు. నాగేశ్వరి కలం తీసుకుని పెట్టేసింది.

చదవసాగింది. తేదీ, బావులు, ట్యాంకర్లు. ఆమె తెలుగులో ఒక అంకె, బాలనర్సయ్య హిందీలో ఒక అంకె, ఆఫీసరు వేలు కాగితం మీద ఒక గడి. ఒక తేదీలో నెల మారలేదు. దిద్దింది. సోమేశ్వరరావు కళ్లు మూసుకున్నాడు. ఆమె ఆపలేదు.

"పుప్పాలగూడ. ట్యాంకర్లు అయిదు."

బాలనర్సయ్య బల్ల దగ్గరికి జరిగి ఆ గడి మీదికి వంగాడు. ఆఫీసరు తలెత్తి చూశాడు.

"పాంచ్, సాబ్," అన్నాడు బాలనర్సయ్య.

ఆఫీసరు ఎర్ర కలం ఆ గీతను కొట్టేసి, 5 వేసింది.